వెనక్కి తిప్పలేని పేజీ: ‘మర్డర్, షీ రోట్’ పుట్టుక వెనుక కథ

హత్య జరిగినా నెత్తురు కనిపించని, ముగింపు మనసును కలతపెట్టని అపరాధ పరిశోధక కథలను ఇంగ్లిష్‌లో ‘కోజీ’ అంటారు. అమెరికన్ టెలివిజన్‌లో ఈ తరహాకు స్థిరమైన రూపమిచ్చినది 1984 సెప్టెంబరులో సీబీఎస్‌లో మొదలైన ‘మర్డర్, షీ రోట్’. ఆ రూపం కుదరడానికి ముందు, దాని రూపకర్తలే చేసిన ఒక ప్రయత్నం ఏడాదికే ఆగిపోయింది.

రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ 1975లో ఎన్‌బీసీ కోసం ‘ఎలరీ క్వీన్’ ధారావాహికను రూపొందించారు. పీటర్ ఫిషర్ అందులో నిర్మాతగా పనిచేశారు. చిక్కుముడి వీడే ముందు నాయకుడు నేరుగా ప్రేక్షకుల వైపు తిరిగి, హంతకుడెవరో కనిపెట్టారా అని అడిగేవాడు. పుస్తకంలోనైతే ఆ ప్రశ్న దగ్గర ఆగి, పేజీలు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఆనాటి టెలివిజన్‌లో ఆ వీలు లేదు. అరగంట క్రితం దాటిపోయిన ఆధారం గుర్తులేని వారికి ఆ ప్రశ్న ఆహ్వానంలా కాక పరీక్షలా తోచి ఉంటుందని నా అభిప్రాయం.

తొమ్మిదేళ్ల తరువాత ఈ ముగ్గురే ఏంజెలా లాన్స్‌బరీ పోషించిన అపరాధ పరిశోధక నవలల రచయిత్రి జెస్సికా ఫ్లెచర్ పాత్రను సృష్టించినప్పుడు, చిక్కుముడిని తేలిక చేయకుండానే ఆ ఇబ్బందిని తొలగించారు. ఆధారం తరచుగా ఒక నోటిజారుడు మాటగా ఉండేది. గదిలో దీపం పగిలిన సంగతి పోలీసులు ఎవరికీ చెప్పలేదనుకుందాం. ఒక బంధువు పరామర్శకు వచ్చి మాటల్లో ఆ దీపాన్ని ప్రస్తావిస్తాడు, వెంటనే సంభాషణ వీలునామా మీదికి మళ్లుతుంది. ఆధారాన్ని దాచలేదు, దాని మీద చూపు నిలవనివ్వలేదు, అంతే. చివర జెస్సికాకు విషయం స్ఫురించాక ఆ సన్నివేశాన్ని క్షణకాలం మళ్లీ చూపేవారు. ప్రేక్షకుడి కోసం పేజీ వెనక్కి తిప్పే పని ధారావాహికే చేసింది!

సౌమ్యత కూడా కథ కట్టుబాటులోనే ఉంది. చనిపోయేది చాలాసార్లు ఎవరికీ గిట్టని మనిషి. నింద పడేది జెస్సికా మేనల్లుడి మీదో, స్నేహితుల మీదో కనుక, హంతకుడు దొరకడమంటే ఒక నిరపరాధి ఇంటికి తిరిగి రావడం. అందుకే చివరి దృశ్యం తరచుగా ఆమె నవ్వు మీద నిలిచిపోయేది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. జెస్సికా ఉండే కేబట్ కోవ్ చిన్న రేవు పట్టణం; ధారావాహిక మొత్తం పన్నెండు సీజన్లలో 264 భాగాలు నడిచింది. అన్ని హత్యలూ అక్కడే జరిగితే ప్రశాంతమైన ఊరన్న నమ్మకం నిలవదు. అందుకే మొదటి నుంచీ ఆమెను పుస్తకాల పనిమీద ఊళ్లు తిప్పారు. 1991లో మొదలైన ఎనిమిదో సీజన్‌లో ఆమెకు న్యూయార్క్‌లో నేరశాస్త్రం బోధించే ఉద్యోగాన్నీ, ఉండటానికి ఒక ఫ్లాట్‌నూ ఇచ్చారు.