పెద్ద మెషిన్‌కు గోడ కట్టినా చప్పుడు ఎందుకు తగ్గలేదు: డెసిబెల్ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్, దాని పక్కనే రెస్టారెంట్ ఉన్న బిల్డింగ్. ఆ బిల్డింగ్ డాబా మీద రెండు మెషిన్లు ఉన్నాయి. అవతలి చివర పెద్ద ఏసీ చిల్లర్, ఇవతల అపార్ట్‌మెంట్ వైపు వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్. నాలుగో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని గొడవ చేస్తే, యజమాని చిల్లర్ చుట్టూ అడ్డుగోడ కట్టించాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు. "సార్, ఇంత ఖర్చు పెట్టిన, ఏం తగ్గలేదంటున్రు. నా మీద కోపంతోనే అట్ల అంటున్రా?"

చప్పుడు కొలవడం నా వృత్తి. ఆవిడ అబద్ధం చెప్పలేదు, యజమానీ డబ్బు ఎగ్గొట్టలేదు. తప్పు లెక్కలో ఉంది. ఆ డాబా మీద నాకు ఎదురైన అపోహలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రెండు మెషిన్ల డెసిబెల్స్ కూడితే మొత్తం చప్పుడు వస్తుంది.

60, 60 కలిస్తే 120 కాదు, 63. డెసిబెల్ అంటే చప్పుడు పరిమాణం కాదు, దాని శక్తికి లాగరిథమ్. కూడాల్సింది శక్తులను. ఒకే స్థాయి శక్తి రెట్టింపైతే లాగ్ 2 అంటే 0.301, దాన్ని పదితో గుణిస్తే 3. అందుకే మూడు డెసిబెల్స్ మాత్రమే పెరిగాయి. సూత్రం ఇది:

```
L = 10 log10( 10^(L1/10) + 10^(L2/10) )
```

డాబా మీద క్యాలిక్యులేటర్ లేకపోయినా మూడు అంకెలు గుర్తుంటే చాలు. రెండూ సమానమైతే పెద్దదానికి 3 కలపాలి. ఒకటి ఆరు తక్కువైతే 1 కలపాలి. పది తక్కువైతే అర డెసిబెల్ కూడా పెరగదు, చిన్నదాన్ని వదిలేయొచ్చు. అయితే పది తక్కువగా ఉన్నవే పది ఉంటే అవన్నీ కలిసి మళ్లీ పెద్దదానికి సమానం అవుతాయి. విండో ఏసీల వరుస ఉన్న చోట ఇది మర్చిపోకూడదు.

ఈ లెక్క వేరువేరు మెషిన్లకే చెల్లుతుంది. మండపంలో ఒకే పాటను రెండు స్పీకర్లలో పెడితే అలలు అడుగు కలిపి నడుస్తాయి. సరిగ్గా కలిసిన చోట 6 వరకు పెరుగుతుంది, ఎదురైన చోట ఆ స్వరం మాయమవుతుంది.

అపోహ: దగ్గర నిలబడితే ఏది ఎక్కువ మోగుతుందో, అదే కిటికీ దగ్గర కూడా ఎక్కువ.

యజమానిని ముంచింది ఇదే. ఆయన మీటర్ పట్టుకుని రెండు మెషిన్లకూ ఐదేసి మీటర్ల దూరంలో కొలిచాడు. చిల్లర్ 72, ఫ్యాన్ 66. ఆరు డెసిబెల్స్ తేడా అంటే శక్తిలో నాలుగు రెట్లు. కాబట్టి దొంగ చిల్లరే అని తీర్మానించేశాడు.

కానీ ఆవిడ పడుకునేది ఆ మెషిన్ల పక్కన కాదు. కిటికీకి చిల్లర్ 20 మీటర్ల దూరం, ఫ్యాన్ 10 మీటర్లు. చిన్న మూలం నుంచి బయటికి వెళ్లే శబ్దం పెరిగే గోళం మీద పరుచుకుంటూ పోతుంది, గోళం వైశాల్యం దూరం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి దూరం రెట్టింపైన ప్రతిసారీ శక్తి నాలుగో వంతుకు, అంటే 6 డెసిబెల్స్ పడిపోతుంది. చిల్లర్‌కు 5 నుంచి 20 అంటే రెండు రెట్టింపులు, 12 డెసిబెల్స్ పోయి 60 మిగిలాయి. ఫ్యాన్‌కు 5 నుంచి 10 అంటే ఒక్క రెట్టింపు, 6 పోయి అదీ 60 మిగిలింది.

కిటికీ దగ్గర రెండూ సమానం! కలిపితే 63. ఇక అడ్డుగోడ చిల్లర్‌ను పది డెసిబెల్స్ తగ్గించింది, గోడ పని బాగానే చేసింది. కిటికీ దగ్గర చిల్లర్ 50కి దిగింది. కానీ ఫ్యాన్ ఇంకా 60. 50, 60 కలిస్తే 60.4. అంత ఖర్చుకు ఆవిడ చెవికి చేరిన తగ్గుదల 2.6 డెసిబెల్స్. మామూలు మనిషి "ఏదో తగ్గినట్టుంది" అనడానికే దాదాపు మూడు కావాలి. సగం అయినట్టు అనిపించాలంటే పది తగ్గాలి.

అందుకే మొదట ప్రతి మూలాన్నీ దాని దూరంతో కిటికీ దాకా విడిగా తేవాలి, ఆ తర్వాతే కలపాలి. మెషిన్ల దగ్గరే కూడి సగటు దూరం పట్టడం సరికాదు.

లెక్క నిజమో కాదో చూసే పరీక్ష సులువు. కిటికీ దగ్గర మీటర్ పెట్టి, గోడ కట్టకముందే ఫ్యాన్‌ను ఓ రెండు నిమిషాలు ఆపించి ఉంటే 63 నుంచి 60కి పడేది. చిల్లర్‌ను ఆపినా అంతే పడేది. ఒక మెషిన్ ఆపితే సరిగ్గా మూడు తగ్గిందంటే, మిగిలినదంతా కలిసి దానికి సమానంగా ఉందన్నమాట. మూడుకన్నా తక్కువ తగ్గితే ఆ మెషిన్ వాటాను తీసివేత మీద నమ్మి చెప్పకూడదు, కొలతలోని చిన్న ఊగిసలాటే జవాబును మింగేస్తుంది.

అపోహ: ఆరు డెసిబెల్స్ సూత్రం ఎక్కడైనా పనిచేస్తుంది.

మెషిన్ సైజుతో పోలిస్తే దూరం బాగా ఎక్కువైతేనే అది చిన్న బిందువులా ప్రవర్తిస్తుంది. జనరేటర్ డబ్బాకు మీటరు దూరంలో తీసిన 75 డెసిబెల్స్ అంకె నుంచి వర్గ సూత్రంతో దూరపు స్థాయి లెక్కగడితే తేడా వస్తుంది, ఎందుకంటే అక్కడ డబ్బా గోడంతా మోగుతుంటుంది. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి వైపు వాహనాలు బారులుగా పోయే రోడ్డు ఒక గీత, బిందువు కాదు. అలాంటి చోట దూరం రెట్టింపైతే 3 మాత్రమే తగ్గుతుంది. ఇక కిటికీ గోడకు దగ్గరగా మైకు పెడితే గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం మూడు దాకా కలుస్తుంది. నేను ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ ఆ వాటాను తీసేసి చెప్పినవే.

కొండాపూర్‌లో తర్వాత ఫ్యాన్ నోటికి సైలెన్సర్ పెట్టించాం, అది పది తగ్గించింది. కిటికీ దగ్గర 50, 50 కలిసి 53. రెండూ ఆపినప్పుడు రోడ్డు చప్పుడే 47 ఉంది, దాన్నీ కలిపితే 54. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55, కనుక పగలు గట్టెక్కింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45. అది దాటుతోందని యజమానికి దాచకుండా చెప్పాను. రోడ్డే 47 ఉన్నచోట ఏ మెషిన్ మార్చినా మొత్తం అంకె 45కు రాదు, మన చేతిలో ఉన్నది మన మెషిన్ల వాటా మాత్రమే.

రాత్రిపూట ఫ్యాన్ వేగాన్ని స్పీడ్ డ్రైవ్‌తో 80 శాతానికి దించమన్నాను. ఫ్యాన్ చప్పుడు వేగం నిష్పత్తి లాగ్‌కు దాదాపు 50 రెట్లు మారుతుంది కాబట్టి ఇంకో ఐదు తగ్గి 45 అవుతుంది. ఇప్పుడు చిల్లర్ 50, ఫ్యాన్ 45, కలిస్తే 51. వరుస తిరగబడింది. ఇక ఫ్యాన్ మీద పెట్టే ఏ రూపాయీ దాదాపు ఒక డెసిబెల్‌కు మించి తగ్గించదు. మళ్లీ ఖర్చు పెట్టాల్సింది, ఆయన మొదట గోడ కట్టిన ఆ చిల్లర్ మీదే.