ఒక లీటరు ఇథనాల్ వెనుక ఎంత ఇంధనం?

మొక్కజొన్న నుంచి తీసిన ఒక లీటరు ఇథనాల్ మండితే సుమారు 21 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. అమెరికాలో ఆ లీటరు తయారీకి ఖర్చయ్యే శక్తిని లెక్క కడితే అదీ దాదాపు అక్కడికే చేరుతుంది. పొలానికి వేసే నత్రజని ఎరువు సహజవాయువుతో తయారవుతుంది. ట్రాక్టరు డీజిలు తాగుతుంది. అసలు ఖర్చు మాత్రం ఫ్యాక్టరీలో ఉంది. గింజలను పిండి చేసి, ఉడికించి, పులియబెడితే వచ్చే ద్రవంలో ఆల్కహాలు 10 నుంచి 15 శాతమే. మిగిలినది చాలావరకు నీరే. ఆ నీటిని వేరు చేయడానికి బాయిలరు నిరంతరం ఆవిరినివ్వాలి. ఎంత బట్టీ పట్టినా 95 శాతం దగ్గర ఆగిపోతుంది కాబట్టి, చివరి నీటిని లాగేయడానికి మరో యంత్రాంగం కావాలి. మిగిలిన తడి పిప్పిని పశువుల దాణాగా ఎండబెట్టడానికీ వేడి కావాలి.

చేతికొచ్చిన శక్తిని దాని కోసం పెట్టిన శక్తితో భాగిస్తే వచ్చేదే శక్తి రాబడి నిష్పత్తి. అమెరికా పర్యావరణ శాస్త్రవేత్త చార్లెస్ హాల్ దీన్ని ఇంధనాలను పోల్చే కొలమానంగా తీర్చిదిద్దారు. అమెరికా వ్యవసాయ శాఖ 2002 నివేదిక మొక్కజొన్న ఇథనాల్‌కు ఇచ్చిన నిష్పత్తి 1.34. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ పిమెంటెల్ మాత్రం అది ఒకటికన్నా తక్కువేనని, అంటే నష్టమేనని వాదించారు. ట్రాక్టర్ల తయారీకి పట్టిన శక్తిని ఆయన లెక్కలో కలిపారు. దాణా రూపంలో తిరిగివచ్చే విలువను వ్యవసాయ శాఖ పెట్టిన శక్తిలోంచి ఉదారంగా తీసివేసింది. రెండు లెక్కల మధ్య తేడాకు ఇలాంటివే కారణం.

వ్యవసాయ శాఖ మాటే నిజమనుకుందాం. నిష్పత్తిని 1.3గా తీసుకుంటే, 10 పాళ్లు పెట్టినప్పుడు 13 వస్తాయి. పెట్టిన పదీ తీసేస్తే సమాజానికి మిగిలేది మూడే. నికరంగా ఒక లీటరు మిగలాలంటే నాలుగు లీటర్లకు పైగా తయారు చేయాలి. అంత పంట పండించాలి, అంత నేల కావాలి, అంత నీరు కావాలి. నిష్పత్తి 50 నుంచి 20కి పడిపోయినా మనం గమనించం, ఎందుకంటే నికర వాటా 98 శాతం నుంచి 95కి మాత్రమే తగ్గుతుంది. 10 దగ్గర కూడా 90 శాతం మిగులుతుంది. అయితే 5 దగ్గర 80కి, 2 దగ్గర 50కి, 1.3 దగ్గర 23కి జారుతుంది. అందుకే 25కూ 15కూ మధ్య తేడా గురించి వాదించడంలో పెద్ద అర్థం లేదని నా అభిప్రాయం. జాగ్రత్త పడాల్సింది 5కు దిగువన.

బ్రెజిల్ చెరకు ఇథనాల్‌కు నిష్పత్తి 8 వరకూ చెబుతారు. అక్కడ బాయిలరులో మండేది చెరకు పిప్పి. అది పంటతో పాటే వస్తుంది కనుక బయటి నుంచి తెచ్చిన శక్తి కింద లెక్కించరు. మన దేశంలో పెట్రోలులో 20 శాతం కలుపుతున్న ఇథనాల్ విషయంలోనూ మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఆ డిస్టిలరీ బాయిలరులో మండుతున్నది బొగ్గా, ఊకా, చెరకు పిప్పా?

ఇక శిలాజ ఇంధనాల సంగతి. బొగ్గుకు, చమురుకు 25కు పైగా రాబడి ఉందని, సౌరశక్తికి 10 మాత్రమేనని రాసే పోలికలు కనిపిస్తుంటాయి. అవి న్యాయమైనవి కావు. మొదటి అంకెను గని ముఖద్వారం దగ్గర, బావి దగ్గర కొలిచారు. రెండోది కరెంటు దగ్గర కొలిచినది. బొగ్గును మండించి కరెంటు తీస్తే దాదాపు మూడింట రెండు వంతులు వేడిగా పోతుంది. పాల్ బ్రాక్‌వే బృందం 2019లో శిలాజ ఇంధనాలను వినియోగదారుడి దగ్గర కొలిస్తే నిష్పత్తి సుమారు 6కు, కరెంటు రూపంలో సుమారు 3కు దిగింది. గాలిమరల అధ్యయనాలను 2010లో సమీక్షించినప్పుడు సగటు 20 దాటింది.

సౌరశక్తిలోనూ గీత ఎక్కడ గీశామన్నదే తగాదా. స్విట్జర్లాండ్ వంటి ఎండ తక్కువ ప్రాంతాల్లో సౌర పలకల రాబడి ఒకటికన్నా తక్కువని 2016లో ఫెర్రోని, హాప్‌కిర్క్ ప్రకటించారు. కూలీలకు, పెట్టుబడికి అయ్యే డబ్బును కూడా శక్తిగా మార్చి కలపడం ఆ ఫలితానికి ఒక కారణం. మరుసటి ఏడాది మార్కో రౌగీ, సహచరులు అక్కడి పరిస్థితులకే మళ్లీ లెక్కించి 7 నుంచి 10 వరకు చూపించారు. వారి లెక్కే నాకు సమంజసంగా అనిపిస్తుంది. రాయలసీమ వంటి ఎండలో అదే పలక ఇంకా ఎక్కువ ఇస్తుంది. రాత్రి కోసం బ్యాటరీలు కలిపితే కొంత తగ్గుతుంది.

అయితే ఈ నిష్పత్తి కాలాన్ని చూపించదు. బొగ్గుకు శక్తి ఖర్చు తవ్వినంత కాలం కొద్దికొద్దిగా అవుతుంది. సౌర పలకకు, ముఖ్యంగా సిలికాన్‌ను శుద్ధి చేసి స్ఫటికంగా పెంచే దశల్లో, దాదాపు అంతా ముందే అయిపోతుంది. మంచి ఎండలో పెట్టిన శక్తి తిరిగి రావడానికి సుమారు ఒక ఏడాది పడుతుంది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా వచ్చేది మిగులు. కానీ పలకల సంఖ్యను ఏటా రెట్టింపు చేస్తూ పోతే, ఉన్న పలకలిచ్చే శక్తంతా కొత్త పలకల తయారీకే సరిపోతుంది. నిష్పత్తి 20 ఉన్నా, ఆ వేగం తగ్గే వరకు మిగిలిన వారికి అందే నికర శక్తి సున్నాయే.