ఇంట్లో పంచుకున్న కాగితం కోర్టులో ఎందుకు నిలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పెద్దమనుషుల ఎదుట కూర్చుని ఆస్తి తగవు తీర్చుకుంటే, లెక్కలో ఎవరికి కాస్త ఎక్కువ తక్కువలు వచ్చినా కోర్టులు ఆ ఒప్పందాన్ని తేలిగ్గా కదిలించవు. ఈ ధోరణి బ్రిటిష్ కాలం నాటిది. 1911లో ఖున్నీలాల్ కేసులో, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ చెప్పిన మాటే దానికి పునాది. ఇలాంటి రాజీలో ఒకరి ఆస్తి మరొకరికి బదిలీ కాదు. ప్రతివారికీ ముందునుంచే ఏదో ఒక హక్కు ఉందని మిగతావారు ఒప్పుకుంటారు, అంతే. బదిలీయే లేనప్పుడు అమ్మకానికి, దానానికి వర్తించే నియమాలు దీనికి వర్తించవు.

ఆంధ్ర నుంచి వెళ్లిన మాటూరి పుల్లయ్య కేసులో సుప్రీంకోర్టు 1966లో ఇంకో మెట్టు ఎక్కింది. చట్టం ముందు నిలబడేంత హక్కుల పోటీ లేకపోయినా పరవాలేదు, తగవు నిజమైనదై ఉంటే లేదా వచ్చే అవకాశం ఉంటే చాలంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఉదహరించేది 1976 నాటి కాలే కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఒక తాత భూమి మీద మనవడికీ, అతని తల్లి తోబుట్టువులైన ఇద్దరు ఆడపడుచులకీ తగవు వచ్చింది. 1956లో రాజీపడి కొన్ని ఖాతాలు మనవడికి, మిగతావి వాళ్లిద్దరికి అనుకున్నారు. ఆ సంగతి రెవెన్యూ అధికారికి అర్జీ రూపంలో తెలియజేశారు. పేర్లు మారాయి, ఎవరి భూమి వారు అనుభవించారు. కొన్నేళ్లకు చెదురుమదురు కమతాలను ఒకచోటికి చేర్చే భూముల ఏకీకరణ మొదలయ్యాక ఆ ఆడపడుచులు పాత తగవును తిరగదోడారు. రిజిస్టరు కాలేదు కాబట్టి రాజీ చెల్లదన్నది వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రాజీ అంతకుముందే నోటిమాటగా కుదిరింది, అర్జీ దాన్ని తెలియజేసిన కాగితం మాత్రమే అంది. పైగా రాజీ వల్ల లాభం పొందినవారు తరువాత అడ్డం తిరగడానికి వీల్లేదని కూడా చెప్పింది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, 100 రూపాయలు, అంతకుమించిన స్థిరాస్తిలో హక్కును సృష్టించే లేదా వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. ముందే జరిగినదాన్ని జ్ఞాపకార్థం రాసుకుంటే అక్కర్లేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరన్నదమ్ములు, ఒక చెల్లెలు. తండ్రి పోయాక మిగిలినవి ఇల్లు, నాలుగెకరాలు. ఉగాదికి మాట్లాడుకుని హద్దురాళ్లు పాతుకున్నారు. శ్రావణంలో కాగితం రాస్తూ, ‘ఉగాదినాడు పెద్దల సమక్షంలో ఇలా పంచుకున్నాము, అప్పటినుంచి ఎవరి వాటా వారు అనుభవిస్తున్నాము’ అన్నారంటే అది జ్ఞాపకపత్రం. ‘ఇందుమూలముగా తూర్పు రెండెకరాలు నీకు ఇస్తున్నాము, నేటినుంచి మాకు ఏ హక్కూ లేదు’ అన్నారంటే ఆ కాగితమే హక్కు మారుస్తోంది, రిజిస్ట్రేషన్ తప్పదు. పైన జ్ఞాపకపత్రం అని శీర్షిక పెట్టినంత మాత్రాన కాపాడదు.

2015లో యెల్లపు ఉమామహేశ్వరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది అదే. ఆంధ్ర నుంచే వెళ్లిన ఆ కేసులోని పత్రాలు హక్కును వదులుకునేవి కాబట్టి, రిజిస్టరు కాకపోవడంతో పంపకాన్ని రుజువు చేయడానికి పనికిరావంది. స్వాధీనం ఎలా వచ్చిందో చూపడం లాంటి అనుబంధ ప్రయోజనానికి వాడుకోవచ్చు గానీ, ముందు స్టాంపు సుంకం, జరిమానా కట్టాలంది. జరిమానా లోటు సుంకానికి పదిరెట్లు దాకా పోతుంది. రిజిస్ట్రేషన్ లోపం ఒకటి, స్టాంపు లోపం ఇంకొకటి. స్టాంపు లోపం సరిచేయనిదే కాగితాన్ని అనుబంధ ప్రయోజనానికి కూడా చూడరు. చాలామంది పొరబడేది ఇక్కడే.

2020లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో జ్ఞాపకపత్రానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయితే ఉమ్మడి కుటుంబపు ఆస్తి విషయంలో ఆడపిల్లల కోసం ఒక గట్టి కంచె ఉంది. 2005 సవరణ తరువాత హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్, పంపకం అంటే రిజిస్టరు పత్రం లేదా కోర్టు డిక్రీ అంటుంది. నోటిమాట పంపకాన్ని అరుదుగా, అదీ పబ్లిక్ రికార్డుల సాక్ష్యంతో రుజువైతేనే ఒప్పుకోవాలని 2020లో వినీతా శర్మ తీర్పు చెప్పింది. ఆడపడుచు వాటా కాదనడానికి ఎప్పుడో నోటితో పంచుకున్నామనే వాదన ఇప్పుడు సులువుగా నెగ్గదు. అది మంచికే.

ఇక ఏ పత్రమైనా దెబ్బతినేది ఒక వాటాదారును వదిలేసినప్పుడు, లేదా మోసం చేసో ఒత్తిడి పెట్టో సంతకం తీసుకున్నప్పుడు. అందుకే జ్ఞాపకపత్రం రాసేటప్పుడు పంచుకున్న తేదీ, అప్పుడున్న పెద్దల పేర్లు, సర్వే నంబర్లు, నాలుగు హద్దులు, స్వాధీనం మారిన తేదీ రాయాలి. ఆ తేదీ తరువాతి శిస్తు రసీదులు, పన్ను రసీదులు ఎవరి పేరున ఉన్నాయో దాచుకోవాలి. ముందే పంచుకున్నామన్న మాటకు పదేళ్ల తరువాత సాక్ష్యం అవే. భూమి అమ్మాలన్నా, బ్యాంకులో పెట్టి అప్పు తేవాలన్నా అవతలివారు రిజిస్టరు పత్రమే అడుగుతారు. అందరూ రాజీలో ఉన్న రోజునే రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మేలు.