అపోహలు - వాస్తవాలు: సర్వర్ వాడుకరికి దగ్గరుండాలా, డేటాబేస్‌కా?

అపోహ: వాడుకరులు ఎక్కడ ఉంటే అప్లికేషన్‌నూ అక్కడే పెట్టాలి.

అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌కు 2016 నుంచి ముంబయిలో రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం ఉంది. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ తెరిచారు. మా వాడుకరులు ఎక్కువగా హైదరాబాద్ వాళ్లే కాబట్టి మా బృందం అప్లికేషన్ సర్వర్లను ఇక్కడికి తెచ్చింది. డేటాబేస్ మాత్రం ముంబయిలోనే ఉండిపోయింది. ఆ మర్నాటి నుంచే ఆర్డర్ల పేజీ తెరుచుకోవడానికి దాదాపు సెకను పట్టసాగింది.

సర్వర్ మీద భారం లేదు. డేటాబేస్ లాగ్‌లో ప్రతి క్వెరీ ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే ముగుస్తోంది. అదే క్వెరీని అప్లికేషన్ వైపు నుంచి కొలిస్తే ఇరవై దాటుతోంది. ఈ తేడా అంతా దారిలో పోతున్న సమయమే. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు వెళుతుంది. ముంబయి ఇక్కడికి తిన్నగా చూస్తే 620 కిలోమీటర్లు, అంటే రానూపోనూ ఆరు మిల్లీసెకన్లు. కానీ కేబుల్ తిన్నగా ఉండదు, మధ్యలో రౌటర్లూ ఉంటాయి. మా కొలతల్లో అది 20 తేలింది.

ఆ పేజీ ఒకదాని తర్వాత ఒకటిగా 40 క్వెరీలు వేస్తుంది. నలభై ఇరవైలు 800. వాడుకరి నుంచి సర్వర్‌కు ఒక్కో రాకపోకలో మిగిలింది పదిహేను, ఇరవై మిల్లీసెకన్లే. అందుకే సర్వర్లను తిరిగి డేటాబేస్ పక్కకే చేర్చాం. క్వెరీలను కలిపి ఐదుకు తగ్గించడం ఆ తర్వాత చేశాం. నిజానికి ముందు చేయాల్సింది అదే.

అపోహ: ఎడ్జ్ లొకేషన్ అంటే చిన్న రీజియన్.

అక్కడ మీ డేటాబేస్ ఉండదు. బొమ్మలు, స్క్రిప్టుల నకళ్లు వాడుకరికి దగ్గరలో దాచిపెట్టే చోటు అది. సురక్షిత కనెక్షన్ కుదుర్చుకునే తొలి సంప్రదింపులూ అక్కడే ముగుస్తాయి కనుక దూరపు వాడుకరికి కొంత మేలు. ఖాతా నిల్వ చూపమన్న అభ్యర్థన మాత్రం ముంబయి దాకా వెళ్లి రావలసిందే. మాకు హైదరాబాద్‌లో ముందుగా కావలసింది ఈ ఎడ్జే, రీజియన్ కాదు.

అపోహ: రెండు అవైలబిలిటీ జోన్లలో పెడితే ఏ విపత్తుకూ భయం లేదు.

జోన్ అంటే రీజియన్‌లో విడిగా నడిచే ఒకటో కొన్నో డేటా సెంటర్లు. ఒక జోన్‌లో కరెంటు పోయినా, మంటలు చెలరేగినా రెండోది నిలుస్తుంది. ఒకే రీజియన్‌లోని జోన్లు ఒకదానికొకటి 100 కిలోమీటర్లలోపే ఉంటాయి. రాసిన ప్రతి వరుసనూ రెండుచోట్లా ఒకేసారి భద్రపరచగలగడం ఆ దగ్గరితనం వల్లే. రీజియన్ మొత్తానికే అంతరాయం వస్తే మాత్రం ఆ దగ్గరితనం కాపాడదు. దానికోసమే ఇప్పుడు హైదరాబాద్‌లో డేటాబేస్ నకలు ఉంచుతున్నాం. అది కొద్ది క్షణాలు వెనకబడి ఉంటుంది; ముంబయి హఠాత్తుగా ఆగిపోతే ఆ క్షణాల ఆర్డర్లు పోవచ్చు.

ఇంకొకటి. మీ ఖాతాలోని `ap-south-1a`, భాగస్వామి ఖాతాలోని `ap-south-1a` వేర్వేరు జోన్లు కావచ్చు. రెండు ఖాతాల్లోనూ ఇది నడిపి, `aps1-az1` వంటి గుర్తులను సరిపోల్చండి:

```
aws ec2 describe-availability-zones --region ap-south-1 \
  --query "AvailabilityZones[].[ZoneName,ZoneId]"
```