ఒకవైపే వచ్చే అక్కి: ఆ 72 గంటలు ఎప్పటి నుంచి లెక్కించాలి?

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో నడుము మీదో పక్కటెముకల మీదో ఒకవైపు మంటతో పొక్కులు లేస్తే చూసినవాళ్లు వెంటనే 'అక్కి' అంటారు. కొందరు 'సర్పి' అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అనో షింగిల్స్ అనో రాస్తారు. పేరు వినగానే ఇంట్లో ఒక భయం మొదలవుతుంది. అది పాములా నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని పెద్దవాళ్లు చెబుతారు. ఆ భయానికి ఆధారం లేదు. అయితే ఈ జబ్బులో నిజంగా లెక్కపెట్టుకోవాల్సిన గడువు ఇంకొకటి ఉంది, అది వైరస్ మందు మొదలుపెట్టాల్సిన 72 గంటలు. చాలా ఇళ్లలో దాన్ని తప్పు రోజు నుంచి లెక్కపెడతారు, లేదంటే అసలు లెక్కపెట్టరు.

ముందు ఇది ఒకవైపే ఎందుకు వస్తుందో చూద్దాం. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లలో ఆ వైరస్ పూర్తిగా పోదు. చర్మం నుంచి నరాల వెంట వెనక్కి వెళ్లి, వెన్నుపాము పక్కన నరాల కణాలు గుంపుగా ఉండే చిన్న ముడుల్లో దాక్కుంటుంది. ఈ ముడులు వెన్నెముకకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున జతలుగా పై నుంచి కింది దాకా ఉంటాయి. ఒక్కో ముడి నుంచి బయల్దేరే నరం ఒంటి మీద ఒక పట్టీ మేర చర్మానికి స్పర్శనిస్తుంది. ఛాతీ దగ్గర ఆ పట్టీ వెన్నెముక దగ్గర మొదలై, పక్కటెముకల వెంట ముందుకు వచ్చి, రొమ్ము మధ్య గీత దగ్గర ఆగిపోతుంది. వయసు పైబడ్డాకో, వేరే జబ్బు వల్లో మందుల వల్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో, ఒక ముడిలోని వైరస్ మేలుకుని అదే నరం వెంట చర్మానికి దిగుతుంది. అందుకే పొక్కులు ఆ పట్టీ దాటవు. అవతలి వైపు నరం వేరు, దాని ముడి వేరు. 1900లో హెన్రీ హెడ్, ఎ. డబ్ల్యూ. క్యాంప్‌బెల్ అనే ఇద్దరు వైద్యులు ఈ పొక్కులు వచ్చిన రోగులను ఆధారం చేసుకునే ఏ నరం ఏ చర్మానికి వెళ్తుందో పటం గీశారు. జబ్బు తనంతట తానే ఒంటి మీద నరాల దారి గీసి చూపించిందన్నమాట.

ఒకవేళ పొక్కులు నిజంగానే రెండు వైపులా వచ్చినా, ఒళ్లంతా చెదురుమదురుగా లేచినా, ఆ పాము కథ నిజమైనట్టు కాదు. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిందేమో చూడాలని దానర్థం. అప్పుడు ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు ఒక కేసు ఊహించుకుందాం. దామలచెరువు దగ్గర మామిడి తోట ఉన్న 64 ఏళ్ల ఆవిడ. షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. ఆదివారం రాత్రి కుడి రొమ్ము కింద, వీపు వైపు మంటగా పొడిచినట్టు నొప్పి మొదలైంది. సోమవారం గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంది. మంగళవారం నొప్పి పెరిగింది. కాయల గంప ఎత్తినప్పుడు పక్కటెముక పట్టేసిందనుకుని బామ్ రాసుకుంది. చీర తగిలినా చురుక్కుమంటోంది, పైకి చూస్తే మాత్రం చర్మం మామూలుగానే ఉంది. బుధవారం పొద్దున స్నానం చేసేటప్పుడు ఎర్రటి మచ్చ మీద సన్నటి పొక్కులు గుంపుగా కనిపించాయి. గురువారానికి అవి నీటి బొబ్బలయ్యాయి, వీపు మీద ఇంకో గుంపు లేచింది. "ఇది అక్కి మాదిరే ఉండాదక్కా, పోయి రాయించుకోని రా" అని పక్కింటామె చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం కూతురు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. "నొప్పి మొదలై ఐదు రోజులైంది సార్, లేటైపోయిందా?" అని టెన్షన్‌గా అడిగింది.

లేటు కాలేదు. వైరస్ మందు మొదలుపెట్టాల్సిన 72 గంటలను పొక్కులు కనిపించిన క్షణం నుంచి లెక్కిస్తారు, నొప్పి మొదలైన రోజు నుంచి కాదు. వైరస్ నరంలో కదలడం మొదలయ్యాక చర్మం దాకా రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి నొప్పి ముందు వస్తుంది, పొక్కులు తర్వాత వస్తాయి. ఆవిడ లెక్క బుధవారం పొద్దున మొదలైతే శనివారం పొద్దున దాకా గడువుంది. శుక్రవారం మధ్యాహ్నానికి రెండు రోజులు దాటి కొన్ని గంటలే అయింది.

చూసి ఎలా పోల్చుకోవాలి? ఒకవైపే ఉండడం, ముందూ వెనకా ఒంటి మధ్య గీత దగ్గర ఆగిపోవడం, ఎర్రటి చర్మం మీద బొబ్బలు గుంపులుగా ఉండడం, అంతకు ముందే అదే చోట మంటో పోటో ఉండడం. ఈ నాలుగూ కలిస్తే డాక్టరుకు సాధారణంగా పరీక్షతో పనుండదు. పురుగు పాకి లేచే దద్దురు ఇలా నరం దారి పట్టుకుని ఉండదు. ఎక్కువగా మెడ, చేతులు లాంటి బట్ట కప్పని చోట గీతలా వస్తుంది. కష్టమంతా పొక్కులు రాకముందు రోజుల్లోనే. ఎడమ ఛాతీలో నొప్పి వస్తే అది అక్కి కావచ్చని ఊరుకోకూడదు, ముందు ఈసీజీ తీయించాలి. కుడివైపు అయితే పిత్తాశయం, కిడ్నీ రాయి అని స్కానింగులు తిరిగి, ఏమీ లేదనిపించుకుని ఇంటికొచ్చాక పొక్కులు లేచినవాళ్లు ఉంటారు. అందుకే కారణం తేలని ఒకవైపు మంట ఉన్నవాళ్లు తర్వాతి నాలుగైదు రోజులు రోజూ ఆ చోటు, ముఖ్యంగా వీపు, ఇంట్లోవాళ్లతో చూపించుకోవాలి.

ఎసైక్లోవిర్ అనే మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. మాత్రలో ఉన్నప్పుడు అది వైరస్‌ను ఏమీ చేయలేదు. వైరస్ ఉన్న కణంలోకి వెళ్లాక, ఆ వైరస్ సొంత ఎంజైమే దాన్ని పనిచేసే రూపంలోకి మార్చడం మొదలుపెడుతుంది. అలా మారిన మందు, కొత్తగా తయారవుతున్న వైరస్ డీఎన్ఏ గొలుసులో చేరి దాన్ని అక్కడే ఆపేస్తుంది. వైరస్ లేని కణాల్లో ఈ మార్పు దాదాపు జరగదు కాబట్టి వాటికి హాని తక్కువ. ఈ మందు వెనుక పరిశోధనలో ముఖ్యురాలైన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఈ మందు వైరస్ పెరుగుతున్నప్పుడే దాన్ని ఆపగలదు. నిద్రపోతున్న వైరస్‌ను తాకలేదు, అప్పటికే పాడైన నరాన్ని బాగుచేయలేదు. చర్మంలో వైరస్ ఎక్కువగా పెరిగేది కొత్త పొక్కులు లేస్తున్న మొదటి మూడు నుంచి ఐదు రోజుల్లోనే.

అయితే 72 గంటలు దాటగానే తలుపు మూసుకుపోదు. మందును పరీక్షించిన అధ్యయనాల్లో ఎక్కువగా ఆ గడువులోపు వచ్చినవాళ్లనే చేర్చుకున్నారు, ఆ అంకె అక్కడి నుంచి వచ్చింది. నాలుగో రోజో ఐదో రోజో ఇంకా కొత్త పొక్కులు లేస్తుంటే మందు ఇవ్వడం సబబే. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకీ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకీ, కంటి దగ్గరో ముక్కు కొన మీదో పొక్కులు వచ్చినవాళ్లకీ గడువు చూడకుండానే ఇస్తారు. కంటి దగ్గర వచ్చినవాళ్లు అదే రోజు కంటి డాక్టరును కలవాలి.

మన కేసులో ఆవిడకు ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు రాశారు. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. ఇన్నిసార్లు ఎందుకంటే మింగిన మందులో ఐదో వంతుకు మించి రక్తంలోకి చేరదు, చేరింది కూడా తొందరగా పోతుంది. వాలసైక్లోవిర్ అయితే ఎక్కువగా చేరుతుంది, 1 గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు చాలు. పనిలో పడి మాత్రలు మర్చిపోయేవాళ్లకు అదే నయమని నా అభిప్రాయం. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మెడికల్ షాపులో ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ కొనుక్కుని రాసుకోవడం మొదటిది. నరంలో పెరిగే వైరస్‌కు ఆ పైపూత పనికిరాదు, దాంతో విలువైన రోజులు పోతాయి. పెదవి మీద పొక్కుకు ఇచ్చే తక్కువ డోసుతో సరిపెట్టడం రెండోది. ఇంకో సంగతి, ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. ఆవిడకు షుగర్ ఉంది కాబట్టి డాక్టరు క్రియాటినిన్ పరీక్ష చేయించారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు డోసు తగ్గించాలి. తగ్గించకపోతే మందు పేరుకుపోయి మనిషి అయోమయంగా, లేనివి ఉన్నట్టు మాట్లాడవచ్చు. అది వయసు వల్లనో భయం వల్లనో అనుకోకూడదు. మందు వాడినన్నాళ్లు నీళ్లు బాగా తాగాలి.

పక్కింటామె చెప్పినట్టు అక్కి రాయించుకుంటే, అంటే కుమ్మరి చేత ఎర్ర కావితో బొమ్మ గీయించుకుంటే తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. బొబ్బలు వారం పది రోజుల్లో ఎండి పక్కు కడతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో రాలిపోతాయి. కావి పూసినా పూయకపోయినా అంతే. పోయేది మొదటి మూడు రోజుల సమయం. పచ్చి బొబ్బల మీద మట్టి చేరితే చీము పట్టే ప్రమాదమూ ఉంది. శుభ్రంగా కడిగి, వదులుగా బట్ట కప్పితే చాలు. బొబ్బల్లోని నీటి నుంచి ఆటలమ్మ రాని పిల్లలకూ గర్భిణులకూ వైరస్ అంటి ఆటలమ్మ రావచ్చు కాబట్టి పక్కు కట్టేదాకా వాళ్లకు తగలనివ్వకూడదు.

మందు సమయానికి పడితే కొత్త పొక్కులు తొందరగా ఆగుతాయి, ఆ వారాల నొప్పి కొంత తగ్గుతుంది. తర్వాత మిగిలే నరాల నొప్పిని కూడా ఆపుతుందా అంటే గట్టిగా అవునని చెప్పలేం. ఎసైక్లోవిర్ అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు నాలుగు నెలల తర్వాతి నొప్పిలో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఇది రోగికి ముందే చెప్పాలి. లేదంటే మూడో నెలలో ఇంకా మండుతుంటే మందు సరిగా ఇవ్వలేదని ఊళ్లో ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి తిరుగుతారు.

పొక్కులు మొదలైన మూడు నెలల తర్వాత కూడా ఉండే నొప్పిని పోస్ట్‌హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. అప్పటికి వైరస్ పని అయిపోయింది. వాపుతో ముడిలోనూ నరంలోనూ కొన్ని పోగులు చచ్చిపోయాయి, మిగిలినవి కారణం లేకుండానే సంకేతాలు పంపుతున్నాయి, వాటిని అందుకునే వెన్నుపాము కణాలు అతిగా స్పందిస్తున్నాయి. అందుకే మచ్చ మానిన చోట ఎప్పుడూ ఒక మంట, మధ్యమధ్యలో కరెంటు కొట్టినట్టు పోటు, జాకెట్టు తగిలినా ఫ్యాను గాలి తగిలినా భరించలేని బాధ. అరవై దాటినవాళ్లలో, మొదట్లోనే నొప్పీ పొక్కులూ తీవ్రంగా ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఇప్పుడు ఎసైక్లోవిర్ మళ్లీ వాడి లాభం లేదు, యాంటీబయాటిక్స్‌తోనూ లాభం లేదు. పారాసెటమాల్ కూడా అంతగా పనిచేయదు.

ఈ నొప్పికి మందులు వేరు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ నరాల సంకేతాలను తగ్గిస్తాయి. అమిట్రిప్టిలిన్‌ను రాత్రి పూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, అయితే గుండె జబ్బు, ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్లలో జాగ్రత్త కావాలి. వీటిని తక్కువ డోసుతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. రెండు రోజులు వేసుకుని మత్తుగా ఉందని మానేసినవాళ్లకు అవి పనిచేస్తాయో లేదో ఎప్పటికీ తెలియదు. మత్తు నిజమే, రాత్రి బాత్రూంకు లేచినప్పుడు పడిపోకుండా చూడాలి. చర్మం పూర్తిగా మానిన చోట లిడోకెయిన్ ప్యాచ్ రోజుకు 12 గంటలు అంటించుకోవచ్చు. నొప్పి సున్నా కావడం అరుదు. సగానికి తగ్గి రాత్రి నిద్ర పడితే మందు పనిచేసినట్టే. చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరిలో ఏళ్లు ఉంటుంది.

ఈ మిగిలే నొప్పి వచ్చే ముప్పును గట్టిగా తగ్గించగలదని తేలింది టీకాయే, ఎందుకంటే అది అసలు అక్కినే రానివ్వదు. షింగ్రిక్స్ అనే టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. 50 దాటినవాళ్లకు రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. పరీక్షల్లో 90 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది. ఖరీదు ఎక్కువ, చాలా కుటుంబాలకు భారమే. ఒకసారి అక్కి వచ్చినవాళ్లు కూడా పొక్కులు పూర్తిగా మానాక వేయించుకోవచ్చు, అయితే అప్పటికే ఉన్న నొప్పిని అది తగ్గించదు.