నాలుగు వేల గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో యూట్యూబ్ చానల్ నడిపేవాళ్లు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "మానిటైజ్ అయిందా?" వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 365 రోజుల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలన్న సంగతి అందరికీ నోటికొచ్చు. ఆ అంకెలు ఎందుకు పుట్టాయో, అవి దాటాక కూడా కొన్ని చానళ్లు గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయో మాత్రం ఎవరూ విడమర్చి చెప్పరు. ఆ కథ తెలిస్తే నిబంధనలు వాటంతటవే అర్థమవుతాయి.

చానళ్లకు ప్రకటనల డబ్బులో వాటా ఇచ్చే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్ 2007లో మొదలైంది. గూగుల్ యూట్యూబ్‌ను కొని అప్పటికి ఏడాది కూడా కాలేదు. బాగా పేరొచ్చిన కొద్దిమందిని పిలిచి, వాళ్ల వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో వాటా ఇచ్చారు. అప్పట్లో గీతలేవీ లేవు, పిలుపు వస్తేనే ప్రవేశం. 2012లో ఆ తలుపు బార్లా తెరుచుకుంది. ప్రోగ్రామ్ నడిచే దేశాల్లో ఎవరైనా చానల్ తెరిచి, సొంత వీడియో ఒక్కటి పెట్టి, దాని మీద ప్రకటనలు ఆన్ చేసుకోవచ్చు. సబ్‌స్క్రైబర్లు ఎంతమందని అడిగేవాళ్లు లేరు.

అదే ఏడాది ఇంకో మార్పు జరిగింది, దాన్ని చాలామంది మర్చిపోయారు. అంతకుముందు ఎన్ని క్లిక్కులు పడితే ఆ వీడియోను అంత పైకి తెచ్చేవాళ్లు. దాంతో థంబ్‌నెయిల్‌లో ఒకటి చూపించి లోపల ఇంకొకటి పెట్టేవాళ్లకు పండగైంది. 2012 నుంచి క్లిక్కు కన్నా జనం ఎంతసేపు చూశారన్నదానికి విలువ పెరిగింది. ఆరేళ్ల తర్వాత అర్హతను గంటల్లో కొలవడానికి బీజం అక్కడే పడింది.

2017లో అసలు దెబ్బ తగిలింది. పెద్ద పెద్ద కంపెనీల ప్రకటనలు ఉగ్రవాదాన్ని, ద్వేషాన్ని నూరిపోసే వీడియోల మీద కనిపిస్తున్నాయని బ్రిటన్ పత్రికలు బయటపెట్టాయి. తమ డబ్బు ఎవరికి పోతోందో చూసుకున్న ప్రకటనదారులు ఒకరి వెంట ఒకరు తప్పుకున్నారు. ఇంకోపక్క, ఇతరుల వీడియోలు ఎత్తుకొచ్చి పెట్టి డబ్బు చేసుకునే చానళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ ఏప్రిల్‌లో యూట్యూబ్ మొదటి గీత గీసింది: చానల్‌కు మొత్తం 10,000 వ్యూస్ వచ్చేదాకా ప్రకటనలు ఉండవు. చానల్ ఎలాంటిదో చూసి తేల్చుకోవడానికి ఆపాటి సమాచారమైనా చేతిలో ఉండాలన్నది వాళ్ల లెక్క.

అది నిలవలేదు. ఒక్క వీడియో వైరల్ అయితే 10,000 వ్యూస్ పూటలో వస్తాయి, అది ఎత్తుకొచ్చిన వీడియో అయినా సరే. 2018 జనవరి 16న కొత్త గీత వచ్చింది: 1,000 సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటలు. పాత చానళ్లకూ ఫిబ్రవరి 20 నుంచి ఇదే వర్తించింది. దీని దెబ్బ తగిలిన చానళ్లలో 99 శాతం అంతకుముందు ఏడాదిలో 100 డాలర్లు కూడా సంపాదించనివేనని యూట్యూబ్ చెప్పింది. మొత్తం మీద అది చిన్న డబ్బే కావచ్చు. కానీ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న చిన్న చానళ్లకు అది పెద్ద దెబ్బ. ఎవరో చేసిన పనికి వాళ్లు మూల్యం చెల్లించారనే నా అభిప్రాయం. అయినా వ్యూస్ నుంచి గంటలకు మారడం సరైన పనే. క్లిక్ చేసి రెండు సెకన్లలో వెళ్లిపోయేవాళ్లతో గంటలు నిండవు.

ఈ లెక్క నిజంగా ఎలా నడుస్తుందో చూడాలంటే మారతహళ్లిలో ఉండే ఒక అనంతపురం అమ్మాయి చానల్‌ను తీసుకోవాలి. ఊరి నుంచి కొత్తగా వచ్చే తెలుగు పిల్లల కోసం పీజీలు, అద్దె ఇళ్లు తిరిగి చూపిస్తుంది. అడ్వాన్స్ ఎన్ని నెలలది అడుగుతున్నారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారు, కావేరీ నీళ్లా బోరు నీళ్లా అన్నీ అడిగి చెబుతుంది. బాత్రూమ్ బకెట్ అంచున పట్టిన తెల్లటి పొరను గోటితో గీకి చూపించి "ఇది చూసి నీళ్ల సంగతి తెలుసుకోండి" అంటుంది. అలాంటి వీడియోలను జనం చివరిదాకా చూస్తారు.

ఆమె పెట్టిన ఒక పీజీ వీడియో జూన్‌లో బాగా పోయింది. కాలేజీలు ముగిసి పిల్లలు ఉద్యోగాలకు వచ్చే రోజులు కదా. ఒక్క నెలలో 13,200 వ్యూస్, సగటున ఒక్కొక్కరు ఐదు నిమిషాలు చూశారు. గుణిస్తే 66,000 నిమిషాలు, అంటే 1,100 గంటలు. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు కాబట్టి నాలుగో వంతుకు పైగా ఒక్క వీడియోతోనే వచ్చింది. మిగతా వీడియోలతో కలిపి మరుసటి మే నెలాఖరుకు 3,700 గంటలయ్యాయి. ఇంకో 300 వస్తే చాలనుకుంది. జూన్ ముగిసేసరికి మీటరు 2,850 చూపించింది.

"వీడియో ఒక్కటీ తీసెయ్యలేదన్నా, ఎందుకు తగ్గుతాంది?" అని ఫోన్ చేసింది.

తప్పేమీ జరగలేదు. 365 రోజులంటే జనవరి నుంచి డిసెంబరు వరకు కాదు, చానల్ మొదలైన రోజు నుంచీ కాదు. ఈ రోజు నుంచి వెనక్కి 365 రోజులు. కొత్త రోజు ఒకటి చేరితే పాత రోజు ఒకటి రాలిపోతుంది. ఆ జూన్‌లో కొత్తగా 250 గంటలు చేరాయి, నిరుటి జూన్ తాలూకు 1,100 గంటలు వెళ్లిపోయాయి. 3,700లో 1,100 తీసేసి 250 కలిపితే 2,850. ఒక్క హిట్ మీద నడిచే చానల్‌కు ఏడాది తిరిగేసరికి ఈ గుంట తప్పదు. యూట్యూబ్ స్టూడియోలో Analytics తెరిచి, నిరుడు ఇదే నెలలో ఎన్ని గంటలు వచ్చాయో చూస్తే రాబోయే నెలలో ఎంత రాలుతుందో ముందే తెలుస్తుంది. గడువులోపు అందుకోవచ్చా లేదా అన్నది అప్పుడే తేలిపోతుంది.

గంటలు ఊరికే తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. లెక్కలోకి వచ్చేవి పబ్లిక్‌గా ఉన్న వీడియోల గంటలే. పాత వీడియో బాగాలేదని ప్రైవేట్‌లో పెట్టినా, డిలీట్ చేసినా దాని గంటలు పోతాయి. అన్‌లిస్టెడ్ వీడియోలవీ, డబ్బు కట్టి ప్రకటనగా వేయించుకున్న వ్యూస్‌వీ చేరవు. లైవ్ పెట్టి, అయిపోయాక ఆ రికార్డింగ్‌ను పబ్లిక్‌గా ఉంచితేనే దాని గంటలు నిలుస్తాయి. "4,000 గంటలు ఇప్పిస్తాం" అని డబ్బు తీసుకునే టెలిగ్రామ్ గుంపుల జోలికి మాత్రం వెళ్లకండి. అలాంటి దొంగ గంటలను యూట్యూబ్ తీసేస్తుంది, చానల్‌కే ముప్పు రావచ్చు.

షార్ట్స్ దగ్గర అయోమయం ఇంకా ఎక్కువ. టిక్‌టాక్ నిషేధం తర్వాత, 2020 సెప్టెంబరులో షార్ట్స్ మొదట వచ్చింది మన దేశానికే. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం 4,000 గంటల్లో కలవదు. ఈ అమ్మాయి షార్ట్ ఒకదానికి ఆరు లక్షల వ్యూస్ వచ్చాయి. దానివల్ల 700 మంది సబ్‌స్క్రైబర్లు పెరిగారు కానీ గంటల మీటరు కదల్లేదు. షార్ట్స్‌కు వేరే దారి ఉంది: 1,000 సబ్‌స్క్రైబర్లతో పాటు 90 రోజుల్లో కోటి వ్యూస్. ఇది 2023లో వచ్చింది. రెండు దారుల్లో ఏదో ఒకటి పూర్తిగా నడవాలి, సగం ఇదీ సగం అదీ కలపడం కుదరదు. అదే ఏడాది దీనికి దిగువన ఇంకో మెట్టు కూడా వేశారు. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు పబ్లిక్ వీడియోలు, వాటితో పాటు 3,000 గంటలు గానీ 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్ గానీ ఉంటే మెంబర్‌షిప్, సూపర్ థ్యాంక్స్ లాంటివి తెరుచుకుంటాయి. ప్రకటనల వాటా కోసం పై మెట్టు ఎక్కాల్సిందే.

"నా వీడియో మీద యాడ్ వస్తానే ఉంది కదన్నా, దుడ్లు ఎందుకు రావు?" అని కూడా అడిగింది. 2021 జూన్‌లో మనకు అమల్లోకి వచ్చిన షరతుల ప్రకారం, ప్రోగ్రామ్‌లో లేని చానళ్ల మీద కూడా యూట్యూబ్ ప్రకటనలు వేయవచ్చు. అందులో మనకు వాటా ఉండదు. ప్రోగ్రామ్‌లో చేరాకే మామూలు వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం మన వైపు వస్తాయి. యాడ్ కనిపిస్తోంది కాబట్టి మానిటైజ్ అయినట్టే అనుకోకూడదు.

తర్వాతి చలికాలానికి ఆమె 4,000 దాటింది. Earn పేజీలో అప్లై బటన్ వచ్చింది. కమ్యూనిటీ గైడ్‌లైన్స్ స్ట్రైక్ ఏదీ లేదు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లో ఉంది, యాడ్‌సెన్స్ ఖాతా కలిపింది. అసలు పరీక్ష అక్కడి నుంచే మొదలవుతుంది, మన వాళ్లు తక్కువగా పట్టించుకునేదీ దాన్నే. గీత దాటితే డబ్బు మొదలవదు, చానల్ రివ్యూకు వెళుతుంది. ఉన్న వీడియోలన్నీ చూడరు. చానల్ ప్రధానంగా దేని గురించి, ఎక్కువ మంది చూసినవేవి, కొత్తవేవి, గంటల్లో పెద్ద వాటా ఎక్కడి నుంచి వచ్చింది, టైటిళ్లు, థంబ్‌నెయిల్స్, వివరణలు ఎలా ఉన్నాయి అని చూస్తారు. మామూలుగా నెల లోపు జవాబు వస్తుంది.

ఆమెకు వచ్చిన జవాబు Reused content, అంటే వేరేచోటి వీడియోలనే మళ్లీ వాడారని తిరస్కరణ.

చానల్‌లో ఆమె సొంత వీడియోలే ఎక్కువ. అయితే మొదట్లో ఊరి జాతర క్లిప్పులు వాట్సాప్‌లో వచ్చినవి వచ్చినట్టే పెట్టింది, వాటికి వ్యూస్ బాగానే ఉన్నాయి. పీజీ వాళ్లు ఇచ్చిన ప్రచార వీడియోలను కూడా సంగీతం కలిపి కొన్ని పెట్టింది. "వాళ్లే ఇచ్చినారు, కాపీరైట్ ఏమీ రాలేదే" అని ఆమె వాదన. మాట నిజమే, కానీ ఈ నిబంధన కాపీరైట్‌కు సంబంధించింది కాదు. యజమాని అనుమతి ఉన్నా, క్లెయిమ్ ఒక్కటీ లేకపోయినా, ఎక్కడో ఉన్న వీడియోకు మీరేం జోడించారన్నదే ప్రశ్న. మీ వ్యాఖ్యానం, మీ వివరణ, చూసేవాళ్లకు తేడా తెలిసేలా చేసిన ఎడిటింగ్ ఏదో ఒకటి ఉండాలి. ఒకే అచ్చులో పోసినట్టుండే సొంత వీడియోల సంగతి వేరు. దాన్ని ఇదివరకు repetitious content అనేవాళ్లు, 2025 జులైలో inauthentic content అని పేరు మార్చారు. ఏ పేరుతో రిజెక్ట్ అయిందో చూడకుండా దిద్దుబాటు మొదలుపెడితే శ్రమ వృథా.

రిజెక్ట్ అయ్యాక రెండు దారులు. చానల్ సక్రమంగానే ఉందని నమ్మకముంటే 21 రోజుల్లోగా అప్పీల్ చేయవచ్చు. వీడియోలు ఎలా తీస్తున్నారో, ఎడిట్ ఎలా చేస్తున్నారో చూపిస్తూ ఐదు నిమిషాల్లోపు అన్‌లిస్టెడ్ వీడియో పెట్టాలి, మొదటి 30 సెకన్లలో చానల్ యూఆర్‌ఎల్ చెప్పాలి. లేదంటే లోపం దిద్దుకుని 30 రోజుల తర్వాత మళ్లీ అప్లై చేయాలి. రెండోసారీ కాదంటే ఆ విరామం 90 రోజులవుతుంది, అందుకే తొందరపడి మళ్లీ నొక్కకూడదు.

ఆమె రెండో దారి పట్టింది. జాతర క్లిప్పులు, ప్రచార వీడియోలు తీసేస్తే వాటి గంటలూ పోతాయి కాబట్టి ముందు లెక్క వేసుకుంది. 4,180లో 310 పోయి 3,870 మిగిలాయి. తగ్గిన 130 గంటలు పూడ్చడానికి మడివాళ, బెళ్లందూరు పీజీలు తిరిగి కొత్త వీడియోలు పెట్టి, మళ్లీ 4,000 దాటాక అప్లై చేసింది. ఈసారి ఒప్పుకున్నారు. ఇక మీద గంటలు 4,000 కన్నా తగ్గినంత మాత్రాన ఆమెను తీసేయరు. కానీ ఆరు నెలలు, ఆపైన వీడియో గానీ పోస్ట్ గానీ పెట్టకుండా వదిలేస్తే మానిటైజేషన్ ఆపేసే హక్కు యూట్యూబ్‌కు ఉంది.