‘చవక’ అనకుండా ధర చెప్పడం: జనరిక్ షాపు బోర్డు వెనక కథ

జనరిక్ మందులు అమ్మే ప్రభుత్వ పథకపు దుకాణాలైన జన ఔషధి కేంద్రాల ప్రచారంలో ఏళ్లుగా వినిపించే హిందీ నినాదం ‘సస్తీ భీ, అచ్ఛీ భీ’. చవకా, మంచివీ అని. కానీ తెలుగులో అలాగే బోర్డెక్కిస్తే ‘చవకే గానీ మంచివేలెండి’ అన్నట్టు వినిపిస్తుంది. ఎవరూ అడగని అనుమానానికి ముందే సంజాయిషీ ఇచ్చినట్టు ఉంటుంది. ‘నాణ్యతలో రాజీ లేదు’ అన్నా అంతే. రాజీ సంగతి గుర్తుచేసేది ఆ బోర్డే.

అసలు ఈ అనుమానం ఎలా పుట్టిందో తెలిస్తే గానీ జనరిక్ షాపు బోర్డుకు మంచి వాక్యం దొరకదు.

1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందుకు కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు. అదే మందును మరో పద్ధతిలో చేస్తే తప్పు లేదు. హైదరాబాద్‌లో మందుల పరిశ్రమ పెరిగింది ఈ వెసులుబాటు మీదే. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మందుకే పేటెంటు ఇచ్చే పద్ధతి 2005లో తిరిగొచ్చేసరికి, ఒకే మందు పదుల కంపెనీల పేర్లతో బజారులో ఉంది. అంటే మనం ‘బ్రాండ్’ అనుకుని కొనే వాటిలో చాలా భాగం పేటెంటు లేని మందులే. పైన కంపెనీ పెట్టుకున్న పేరు ఉంటుందంతే.

ఆ పేరును డాక్టరు నోట పలికించడానికి ఖర్చవుతుంది. మెడికల్ రెప్‌ల జీతాలు, శాంపిళ్లు, ప్రచారం అన్నీ ధరలోకే చేరతాయి. 2008 నవంబరులో అమృత్‌సర్‌లో మొదలైన జన ఔషధి పథకం తగ్గించింది ప్రధానంగా ఈ ఖర్చునే. అక్కడ ధర కట్టే లెక్క సులువు. ఎక్కువగా అమ్ముడయ్యే మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకూడదు. ఉదాహరణకు ఆ మూడూ 90, 100, 110 రూపాయలైతే సగటు 100. జన ఔషధి కేంద్రంలో స్ట్రిప్పు 50 దాటకూడదు.

ఇంత తేలికైన లెక్కను ప్రైవేటు బజారే గందరగోళం చేసింది. రెప్‌లు లేకుండా నేరుగా షాపులకు అమ్మే జనరిక్‌ల మీద కొన్నిసార్లు బ్రాండ్‌కు దగ్గరగా ఎమ్మార్పీ వేస్తారు. షాపు వాటిని కొనేది అందులో కొంత భాగానికే. అందుకే ‘80 శాతం తగ్గింపు’ అని బోర్డు పెట్టగలుగుతారు. అది చదివిన మనిషికి వచ్చే ప్రశ్న న్యాయమైనదే: ఇంత తగ్గించి కూడా మిగులుతోందంటే, లోపల ఏముంది? నా దృష్టిలో నమ్మకాన్ని ఎక్కువగా తిన్నది ఈ శాతాల బోర్డులే.

అనుమానానికి ఇంకో మూలం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. కొత్త మందు వచ్చిన నాలుగేళ్ల తర్వాత దాన్ని తయారుచేసే కంపెనీలకు, రక్తంలోకి అసలు మందులాగే చేరుతోందని నిరూపించే పరీక్ష చాలాకాలం తప్పనిసరి కాదు. నీటిలో సరిగా కరగని మందుల విషయంలో 2017లో తప్పనిసరి చేశారు. ఆ పాత సడలింపు పేరున్న కంపెనీలకూ, పేరులేని కంపెనీలకూ ఒకేలా వర్తించింది. నింద మాత్రం జనరిక్ ఒక్కదానికే అంటింది.

ఇక వాక్యం. మా అమ్మ వాడే షుగరు మాత్ర బ్రాండ్‌ స్ట్రిప్పునూ, జనరిక్ స్ట్రిప్పునూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటి మీదా ‘మెట్‌ఫార్మిన్’, ‘ఐపీ’, ‘500 మి.గ్రా.’ అని ఉన్నాయి. ఐపీ అంటే భారత ఔషధ ప్రమాణ గ్రంథం; రెండూ అందాల్సిన కొలత అదే. తేడా కనిపించింది పైన ఉన్న కంపెనీ పేరులో, ధరలో. కాబట్టి బోర్డు మీద నేనైతే ఇలా రాస్తాను:

‘మందు పేరు చూడండి. ధర పోల్చండి.’

ఇందులో చవక లేదు, నాణ్యత లేదు, రాజీ లేదు. కొనేవాడు అక్కడికక్కడే స్ట్రిప్పు తిప్పి సరిచూసుకోగల పని మాత్రమే ఉంది. ‘మందు అదే, పేరు ఖర్చు లేదు’ అనేది ఇంకా చురుగ్గా ఉంటుంది. కానీ ఎమ్మార్పీ ఎక్కువ వేసి తగ్గింపు ఇచ్చే సరుకు అల్మారాలో ఉన్న షాపు ఆ మాట అనకూడదు, అబద్ధమవుతుంది.

ఈ వాక్యానికీ హద్దుంది. థైరాయిడ్, మూర్ఛ, రక్తం పలచబడే మందుల్లో కొన్నిటికి మోతాదు కొద్దిగా అటూ ఇటూ అయినా తేడా పడుతుంది. వాటిలో ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారేముందు డాక్టరుకు చెప్పాలి. పైగా చీటీలో బ్రాండ్ పేరుంటే, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందును షాపువాడు తనంతట తాను మార్చి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే కౌంటరు దగ్గర, బోర్డు కన్నా చిన్న అక్షరాలతో, రెండో మాట కూడా ఉండాలి: ‘చీటీలో మందు పేరు కూడా రాయమని డాక్టరు గారిని అడగండి.’